తలుపు మూస్తే గుటకలు

ఎనభైల ఆఖర్లో నంద్యాలలో నాకొక ఫ్రిజ్ రిపేరు షాపు ఉండేది. షాపంటే పెద్దగా ఊహించుకోవద్దు. అందులోకి ఫ్రిజ్ పోవాలంటే నేను బయటికి రావాలి, నేను పోవాలంటే ఫ్రిజ్ బయటికి రావాలి. ఇద్దరం కలిసి లోపల ఉన్న రోజు ఒక్కటీ లేదు. అయినా బోర్డు మీద ఏసీ, వాటర్ కూలర్, కోల్డ్ స్టోరేజి అని అన్నీ రాయించాను. బోర్డు షాపుకంటే పొడుగు. వానొస్తే పక్కనున్న టైలరు కూడా దాని కిందే నిలబడేవాడు.

అప్పట్లో మా చుట్టుపక్కల ఏసీ అంటే కిటికీలో కూర్చునే డబ్బానే. డాక్టర్లకు ఒకటీ, విత్తనాల వ్యాపారులకు ఒకటీ ఉండేవి. ఆన్ చేస్తే వీధి చివర కుక్క లేచి నిలబడేది. రెండు ముక్కల ఏసీ, అంటే స్ప్లిట్ ఏసీ, నేను చూసినవి రెండే రెండు. ఒకటి కంపెనీవాళ్ళు పంపిన కరపత్రంలో, రెండోది ఆళ్ళగడ్డలో ఒక సారు ఇంట్లో.

ఆ సారు మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి. చర్చిలో పాటల బృందం ఆయన చేతి కిందే ఉండేది. భక్తి పాటల క్యాసెట్లు చేయాలని ఇంట్లో ఒక గదిని రికార్డింగ్ గదిగా మార్చుకున్నాడు. ఆలోచన మంచిదే. గది మాత్రం శిల్పుల షెడ్డుకు గోడ పక్కన ఉంది. ఆళ్ళగడ్డలో శిల్పులు పొద్దున పళ్ళు తోముకోవడం మానతారేమో గానీ ఉలి పట్టడం మానరు. మొదటి క్యాసెట్టు నేను విన్నాను. పాట ఒక తాళంలో, ఉలి ఇంకో తాళంలో, వెనక కిటికీ ఏసీ గొణుగుడు. ముగ్గురూ పోటీ పడితే ఏసీ గెలిచింది.

ఆ తర్వాత సారుకు పట్టుదల పెరిగింది. కిటికీలకు ఇటుకలు పెట్టి మూయించాడు. గోడలకు దూది పరుపులు కొట్టించాడు. నంద్యాల దూది దానికే సరిపోయిందని, ఆ ఏడాది మా ఊళ్ళో కొత్త అల్లుళ్ళు పరుపు లేకుండా పడుకున్నారని నేను చెప్పుకునేవాణ్ణి. తలుపు అంచుల చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు అంటించాడు. ఆ తలుపు మూస్తే చీమ కూడా తట్టి పిలవాల్సిందే.

తలుపు మూసి గంటసేపు పాడేసరికి డోలక్ వాయించే ఆయనకు కళ్ళు తిరిగాయి. గాలి లేదని అప్పుడు తెలిసింది. సారు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను తెప్పించి, నేరుగా గోడకు పెడితే చప్పుడొస్తుందని, ఒక పొడుగాటి చెక్క పెట్టె చేయించి, దానికి లోపలంతా దూది అతికించి, దాని అవతలి కొసకు ఫ్యాను బిగించాడు. గదిలో గాలి ఆ పెట్టెలోంచి బయటికి పోతుంది, చప్పుడు మాత్రం లోపలికి రాదు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. అందులో ఏం తక్కువైందో ఒక్కరికీ తోచలేదు.

కిటికీ డబ్బా తీసేసి స్ప్లిట్ పెట్టించింది కూడా చప్పుడు కోసమే. అందులో గోల చేసే కంప్రెసరు ఇంటి బయట ఉంటుంది. చల్లగాలి ఇచ్చే పెట్టె లోపల గోడ మీద ఉంటుంది. రెండిటి మధ్యా రెండు రాగి గొట్టాలు, వాటిలో గ్యాసు తిరుగుతూ ఉంటుంది. లోపలి పెట్టెలో చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీళ్ళై, కింద ట్రేలో పడి, సన్నటి ప్లాస్టిక్ పైపులోంచి గోడ దాటి బయటికి కారిపోతుంది. అంతే సంగతి. బిగించడానికి మాత్రం హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చారు. మూడు రోజులు ఉండి, ఆళ్ళగడ్డలో దొరికే దోసెలన్నీ తిని పోయారు.

పోయిన పది రోజులకు బస్సు కండక్టరు చేతికిచ్చి సారు నాకొక చీటీ పంపాడు. "ఏసీ గుటకలేస్తాండాది. బేగా రావాల. శుక్రవారం లోపల పాటలు పూర్తి కావాల" అని రాసి ఉంది.

శుక్రవారం గొడవేమిటో పోయాక తెలిసింది. పాడేది ఒక అవ్వ. వయసులో ఉన్నప్పుడు మిషన్ వాళ్ళ దగ్గర బైబిలు స్త్రీగా చేసింది. అంటే ఊరూరు నడిచి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం. ఆమె పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. కలుపు తీసేవాళ్ళ వరసలకు, విసుర్రాయి వరసలకు తానే మాటలు కట్టుకుంది. ఆమె పోతే ఆ పాటలూ పోతాయి. అది సారు దిగులు. ఆమె దిగులు వేరే. నోట్లో మిగిలినవి ఆరు పళ్ళు, ఆరూ ముందరివే, ఆరూ నొప్పే. శుక్రవారం నంద్యాల పళ్ళ డాక్టరు దగ్గర ఆరూ తీయించుకోవాలని నిర్ణయం చేసుకుంది. ఒక్క వారం ఆగమని సారు బతిమాలాడట. ఈ ఆరు నెలలూ ఆగింది చాలదా అందట. పళ్ళు పోయాక పాడితే మాటల్లో సగం గాలి అయిపోతుందని ఇద్దరికీ తెలుసు.

నేను పోయింది మంగళవారం. గ్యాసు సిలిండరు బస్సు మీదికెక్కించి పోయాను. ఆ బస్సు నలభై కిలోమీటర్ల దారిలో నాలుగొందల చోట్ల ఆగింది, ఆగిన ప్రతిచోటా ఆ సిలిండరు దేనికని ఎవరో ఒకరు అడిగారు. అసలు గ్యాసు అవసరమో కాదో తెలియకుండా సిలిండరు ఎందుకు మోసుకుపోయానంటే, మా వృత్తిలో ఒక మర్యాద ఉంది. చేతులూపుకుంటూ పోయిన మెకానిక్కును ఎవరూ మెకానిక్కు అనుకోరు.

పోయి ఏసీ ఆన్ చేయించాను. గుటక లేదు. అరగంట చూశాను. లేదు. నేను లోపలి పెట్టె చూసి, బయటి కంప్రెసరు చూసి, మళ్ళీ లోపలికొచ్చి, అటూ ఇటూ ఇరవైసార్లు తిరిగాను. తలుపు బార్లా తీసే ఉంది.

"నిన్ను చూసి భయపడినట్టుండాది" అన్నాడు సారు. ఆయన నవ్వలేదు. ఆ అవ్వ మాత్రం దవడ పట్టుకొని ఒక మూల కూర్చొని నన్నే చూస్తోంది.

గేజి పెట్టి చూశాను. ప్రెషరు ఎంత ఉండాలో అంతే ఉంది. బయటి పెద్ద గొట్టం చల్లగా, చెమట పట్టి ఉంది. కాయిల్ మీద ఎక్కడా మంచు లేదు. నట్ల దగ్గర సబ్బు నురగ పూశాను, ఒక్క బుడగ లేదు. గ్యాసు తక్కువైతే చల్లదనం తగ్గుతుంది, కాయిల్ మీద మంచు కడుతుంది, గొట్టాల్లో గ్యాసు నీళ్ళు పొర్లినట్టు చప్పుడు చేస్తుంది. ఇక్కడ అవేవీ లేవు. మిషను ఆరోగ్యంగా ఉంది.

అంతలో కంప్రెసరు ఆగింది. ఆగగానే లోపలి పెట్టెలో కొంచెంసేపు గొలగొలమంది. అది మామూలే. ఆగినప్పుడు గ్యాసు అటు ప్రెషరూ ఇటు ప్రెషరూ సర్దుకుంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఊరుకుంటుంది. సారు మాత్రం వేలు చూపించి, "అదిగో, అదే" అన్నాడు.

అది కాదని నాకు తెలుసు. ఆయన చెప్పే గుటకలు పాట పొడుగునా వస్తాయట. కానీ ఆరుమంది నా మొహం చూస్తున్నారు. సిలిండరు నడిమధ్యలో నిలబడి ఉంది. ఏమీ లేదని చెప్పి దాన్ని మళ్ళీ బస్సెక్కించాలంటే మనసు ఒప్పలేదు. "కొంచెం గ్యాసు పోతాండాది సార్" అన్నాను. వాల్వు తిప్పి, గొంతు సవరించుకునేంతసేపు గ్యాసు ఎక్కించాను. గేజి ముల్లు ఉండాల్సిన దానికంటే పైకి పోయింది. అందరూ అటు తిరిగినప్పుడు ఎక్కించినంత గ్యాసూ ఆళ్ళగడ్డ ఆకాశానికి వదిలేశాను. మిషనుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. నా పరువు మాత్రం నిలబడింది. నిలబడిందనుకొని బస్సెక్కాను.

బుధవారం మధ్యాహ్నం కండక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి చీటీ లేదు, నోటిమాటే. గుటకలు అట్లనే ఉన్నాయి. పైగా పెట్టెలోంచి నీళ్ళు చింది డోలక్ చర్మం తడిసింది. అవ్వ గురువారం సాయంత్రం బస్సుకు నంద్యాల వస్తుంది. ఈ మూడు ముక్కలూ నాకే కాదు, బస్టాండులో అందరికీ వినబడేట్టు చెప్పాడు.

గురువారం పొద్దున పోయి, ఈసారి అందరితోపాటు గదిలో కూర్చుని తలుపు వేయించాను. సారు ఫ్యాను వేశాడు. ఏసీ నడుస్తోంది. లోకంలో చప్పుడన్నదే లేకుండా పోయింది. నా చేతిగడియారం నాకు పొలం ఇంజనులా వినబడింది. ఒక నిమిషం గడిచిందో లేదో, గోడ మీది పెట్టెలో గుళుక్ మంది. మళ్ళీ గుళుక్. ఎవరో పెద్దమనిషి బావి దగ్గర కూర్చుని చెంబెత్తి నీళ్ళు తాగుతున్నట్టే ఉంది. ఆ పెద్దమనిషి తాగడం ఆపడు, బావి అయిపోదు.

చల్లదనం తగ్గించి కంప్రెసరు ఆగేట్టు చేశాను. గొట్టాల్లో గ్యాసు గొలగొల మొదలైంది, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. గుటకలు ఆగలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కంప్రెసరు చచ్చినట్టు పడి ఉంటే లోపల గ్యాసు అంతసేపు కదలదు. ఇది గ్యాసు గొంతు కాదు. స్టూలెక్కి పెట్టె మూత తీసి టార్చి వేసి చూశాను. ట్రేలో నిండుగా నీళ్ళు. పైపు మొదట్లో ఆ నీళ్ళు అన్నం ఉడికినట్టు ఉడుకుతున్నాయి. అడుగు నుంచి బుడగలొచ్చి పగులుతున్నాయి. పగిలినప్పుడు రెండు చుక్కలు బయటికి ఎగురుతున్నాయి.

నీళ్ళు బయటికి పోవాల్సిన పైపులోంచి గాలి లోపలికొస్తోంది. ఎందుకో తెలియలేదు. తలుపు తీసుకొని బయటికి పోయాను.

డ్రెయిన్ పైపు గోడ దాటి శిల్పుల షెడ్డు పక్క దిగుతుంది. కింద ఒక మట్టి తొట్టి, పక్కన ఒక శిల్పి కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. ఆ నీళ్ళు ఉలి నూరడానికి వాడుకుంటున్నాడు. నేను పోయేసరికి పైపులోంచి నీళ్ళు ధార కట్టి పడుతున్నాయి.

"బాగానే పోతాండాయే" అన్నాను.

శిల్పి తలెత్తలేదు. "ఇప్పుడు పోతాయిలేన్నా. తలుపు తీసినారు కదా. వాళ్ళు లోపల కూర్చొని పాడేటప్పుడు సూడు, ఒక్క సుక్క పడదు. మీ మిషను పాట అయ్యేదాంకా ఆపుకుంటాది. తలుపు తీస్తే ఒక్కసారి పోస్తాది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెట్టినప్పటి నుంచి. నన్నెవురడిగినారు?"

నేను ఎవరినీ అడగలేదన్నది నిజమే. మంగళవారం ఇరవైసార్లు అతని ముందు నుంచే తిరిగాను.

లోపలికి కేకేసి తలుపు వేయమన్నాను. తలుపు పడింది. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది. పైపు కొసకు వేలు పెట్టాను. పైపు నా వేలిని దూడ చీకినట్టు చీకింది. అప్పుడు తెలిసింది. సారు ఆ గదిలో గాలి బయటికి పోవడానికి దారి పెట్టాడు గానీ లోపలికి రావడానికి దారి పెట్టలేదు. పెడితే ఉలి చప్పుడు వస్తుందని. ఫ్యాను గాలిని బయటికి లాగుతోంది, గది ఎక్కడో ఒకచోట నుంచి గాలి తెచ్చుకోవాలి. తలుపుకు రబ్బరు, కిటికీలకు ఇటుకలు, గోడలకు పరుపులు. మిగిలింది చిటికెన వేలంత పైపు ఒక్కటే. గది దాంతోనే ఊపిరి పీలుస్తోంది. ఆ ఊపిరి ట్రేలో నీళ్ళ గుండా వస్తోంది గనక గుటకలు. తలుపు తీస్తే కావలసినంత గాలి, గుటక లేదు. మంగళవారం నన్ను చూసి భయపడింది మిషను కాదు, తలుపు తీసి ఉండడం వల్ల దానికి నాతో పని లేకపోయింది.

మందు చాలా చిన్నది. ఫ్యాను ఆపితే చాలు. లోపలికి పోయి, పాడేటప్పుడు ఆ నాలుగు నిమిషాలూ ఫ్యాను ఆపండి సార్ అన్నాను.

సారు నన్ను వింతగా చూశాడు. "గ్యాసు పోతాండాదని నువ్వే చెప్తివి కదప్పా. ఫ్యాను ఆపితే ఆ గ్యాసంతా యాడికి పోతాది? మా ముక్కుల్లోకా?"

డోలక్ ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. అవ్వ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మంగళవారం నేను చెప్పిన మాట ఈ రెండు రోజుల్లో బాగా బలిసింది. బుధవారమంతా వాళ్ళు మధ్యమధ్యలో బయటికొచ్చి దగ్గి, మళ్ళీ లోపలికి పోయారట. గ్యాసు లేదని చెప్పాలంటే ఎందుకు ఉందన్నానో చెప్పాలి. నేను చెప్పలేదు. ఇంకో దారి ఆలోచించాను.

షెడ్డులో శిల్పి పీఠాలు సమంగా ఉన్నాయో లేదో చూసుకునే లెవెల్ పైపు ఉంది. మేస్త్రీల దగ్గర ఉంటుందే, లోపల నీళ్ళు కనబడే తెల్లటి ప్లాస్టిక్ పైపు, అది. అడిగాను.

"ఎంతసేపన్నా?"

"సాయంత్రం దాంకా."

"పీఠం వంకర పోతే సామి పక్కింటి దిక్కు సూస్తాడు. సాయంత్రానికి ఈడ ఉండాల."

డ్రెయిన్ పైపు కొసకు ఆ లెవెల్ పైపు తగిలించి, గాలి దూరకుండా సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి చుట్టాను. జానెడు కిందికి దించి, మళ్ళీ పైకి తెచ్చి, రెండో కొస ట్రే కంటే బాగా కిందనే ఉండేట్టు మేకుకు కట్టాను. ఆ వంపులో చెంబుతో నీళ్ళు పోశాను. ఇప్పుడు బయటి గాలి లోపలికి పోవాలంటే ఆ నీళ్ళను తోసుకుంటూ పోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యానుకు అంత బలం లేదు. ఏసీ నీళ్ళొస్తే మాత్రం వంపు నిండి, అవతలి కొసన పొర్లి తొట్టిలో పడతాయి.

తలుపు వేయించాను. వంపులో నీళ్ళు కదిలాయి. గది వైపు వేలెడు లేచాయి, బయటి వైపు అంత దిగాయి. అక్కడే నిలబడిపోయాయి. ఫ్యాను బలమంతా ఆ వేలెడు. ఇంత ఇంటిని, ఇంతమందిని పది రోజులు, నన్ను మూడు రోజులు ఏడిపించింది ఆ వేలెడే.

ఐదు నిమిషాలకు తలుపు తీశారు. లోపల గుటక లేదన్నాడు సారు. ఆయన మొహంలో వెలుగు చూసి నేను సామాన్లు సర్దుకోబోయాను. అప్పుడు అవ్వ అడిగింది.

"నాయనా, గుటకలు నిలిపితివి, బాగుండాది. ఆ గ్యాసు సంగతేంది? ఊపిరి పట్టి పాడాల నేను. నాకు భయంగా ఉండాది."

ఆమె కళ్ళలోకి చూశాను. వాచిన దవడతో, ఒక్క పూట పాడి పోదామని వచ్చి కూర్చుంది. నా మాట వల్ల గట్టిగా ఊపిరి తీయడానికి భయపడుతోంది.

"గ్యాసు కారలేదవ్వా. ఎప్పుడూ కారలేదు. మంగళవారం నేను ఉత్తమాట చెప్పినా."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన బళ్ళో ఎట్లా కొట్టేవాడో విన్నాను గనక ఒక అడుగు వెనక్కి వేశాను.

"మరి ఆ బుడ్డి ఎందుకు మోసుకొస్తివి?" అంది అవ్వ.

"మీరు నమ్మాలని."

ఆమె కొంగు ముక్కు మీద నుంచి తీసింది. "నమ్మిచ్చేదానికి బైబిళ్ళ బరువు మోసుకుంటా ఊర్లు తిరిగినదాన్నే నేనూ. బరువు సూసి ఎవురూ నమ్మలే నాయనా. పో, బయట ఉండు. బస్సుకు పొద్దు పోతాండాది."

సారు ఆ రోజుకు ఏమీ మార్చవద్దని మాత్రం చెప్పాడు. పైపు పనిచేస్తోంది, ఫ్యాను అట్లే తిరగనీ, ప్రయోగాలు చేసే టైము కాదు అన్నాడు. గాలి రావడానికి దారి లేనప్పుడు ఆ ఫ్యాను తిరిగినా పెద్ద లాభం లేదు సార్, పాటకూ పాటకూ మధ్య తలుపు తీసి కాసేపు గాలి ఆడనీయండి, తర్వాత తీరిగ్గా ఇంకో చెక్క పెట్టె చేయించి గాలి వచ్చే దారి పెట్టండి అని చెప్పాను. సరేనన్నాడు. నా మాట నమ్మాడో, నమ్మడం తప్పలేదో తెలియదు.

నేను శిల్పి పక్కన ఒక రాయి మీద కూర్చున్నాను. పెట్టిన ముడి వదులైతే పట్టుకోవడానికి ఒకరు ఉండాలి గదా. సారు గది అంత గట్టిగా కట్టించాడు గనక లోపలి పాట ఒక్క ముక్క బయటికి వినబడలేదు. పక్కన ఉలి చప్పుడు, ముందర తెల్లటి పైపు, అందులో నీళ్ళు. తలుపు పడితే గది వైపు నీళ్ళు వేలెడు లేచేవి. అంటే పాట మొదలైంది. తలుపు తీస్తే రెండు వైపులా నీళ్ళు సమంగా వచ్చేవి. అంటే పాట అయిపోయింది. నేను వేళ్ళు మడిచి లెక్క పెడుతుంటే శిల్పి కూడా పని ఆపి చూడడం మొదలుపెట్టాడు. నాలుగో పాట మధ్యలో నీళ్ళు సమంగా వచ్చేశాయి, ఏమైందోనని ఇద్దరం లేచాం. డోలక్ ఆయన మంచినీళ్ళకు బయటికొచ్చాడు. అతన్ని శిల్పి తిట్టిన తిట్లు లోపల వినబడి ఉంటే క్యాసెట్టు ఏమయ్యేదో.

పదకొండు పాటలు అయ్యాయి. పన్నెండోది చాలాసేపు పట్టింది. నీళ్ళు వేలెడు పైనే నిలబడ్డాయి, ఎంతకీ దిగవు. విసుర్రాయి పాట అయి ఉంటుంది, అవి పొడుగు. నేను ఊపిరి బిగపట్టి ఉన్నానని శిల్పి చెబితే తెలిసింది. కొంతసేపటికి నీళ్ళు ఒక్కసారి కదిలి, మెల్లగా రెండు వైపులా సమానమై నిలిచాయి. అవ్వ దవడ పట్టుకొని గడపలోకి వచ్చి, నంద్యాల బస్సు ఎన్నింటికని అడిగింది.